కుండీల్లో ఎరువు మోతాదులు పోల్చడం: తేడా ఎరువుదా, కుండీ పెట్టిన చోటుదా?

మూడు కుండీలు తీసుకుని ఒకదానికి యూరియా వేయకుండా వదిలేస్తారు. రెండోదానికి కొంచెం, మూడోదానికి రెట్టింపు వేస్తారు. నెలన్నర తర్వాత మూడింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, ఎరువు మహిమ చూడండి అంటారు. స్కూల్ సైన్స్ ఫెయిర్ల నుంచి యూట్యూబ్ వీడియోల దాకా ఇలాంటి ప్రయోగాలు చాలానే కనిపిస్తాయి. ఆ ఫొటోలో ఉన్నది నిజంగా ఎరువు తేడాయే కావచ్చు. మూడో కుండీ గోడకు దూరంగా ఉండి దానికి ఎండ ఎక్కువ తగిలి ఉండొచ్చు, దాంట్లో పడిన విత్తనమే బలమైనది అయి ఉండొచ్చు, మట్టి నింపేటప్పుడు బస్తా అడుగున ఉన్న మెత్తటి మన్ను దానికే వచ్చి ఉండొచ్చు. ఫొటో చూసి ఇందులో ఏది కారణమో ఎవరూ చెప్పలేరు.

ఎరువు ఏమీ మార్చకుండా, ఒకే మోతాదుతో ఇరవై కుండీలు పెంచినా మొక్కల బరువులు ఒకేలా రావు. ఒకటి 24 గ్రాములు తూగితే పక్కది 28 తూగుతుంది. ఈ మామూలు హెచ్చుతగ్గులు ఎంతో తెలిస్తేనే, రెండు మోతాదుల మధ్య కనిపించిన 3 గ్రాముల తేడాకు అర్థం ఉందో లేదో చెప్పగలం. ఒక్కో మోతాదును పలు కుండీల్లో పెట్టే రెప్లికేషన్, ఏ కుండీకి ఏ మోతాదో చీటీలతో తేల్చే రాండమైజేషన్ అనే రెండు పనులూ ఆ హెచ్చుతగ్గులను కొలవడానికి, అవి ఏ ఒక్క మోతాదుకూ పక్షపాతంగా చేరకుండా చూడడానికి ఉన్నవే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి గణిత పునాది వేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేశారు. ప్రయోగాల రూపకల్పనలో రావు పేరు కూడా నిలిచిపోయింది.

ఇక్కడ ఒకే ఒక ప్రయోగాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. తెలంగాణలో విరివిగా ఉండే ఎర్ర చల్కా నేల, పంట మొక్కజొన్న, మార్చేది నత్రజని మోతాదు, కాలం 45 రోజులు, కొలిచేది నేలపైన ఉన్న మొక్క ఎండు బరువు. చల్కా నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి నత్రజనికి మొక్కజొన్న గట్టిగా స్పందిస్తుంది. 45 రోజులు దాటితే 10 కిలోల మట్టిలో వేళ్లు కుండీ గోడ చుట్టూ చుట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు కొలిచేది ఎరువు ప్రభావం కాకుండా కుండీ ఇరుకుతనం అవుతుంది. గింజ దిగుబడి దాకా వెళ్లాలనుకుంటే ఇంతకంటే చాలా పెద్ద కుండీ కావాలి.

మోతాదు దేని లెక్కన?

మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. హెక్టారుకు 100 కిలోల నత్రజని, అంటే ఎకరాకు సుమారు 40 కిలోలు అనుకుందాం. దాన్ని 10 కిలోల మట్టి పట్టే, 28 సెంటీమీటర్ల వెడల్పున్న కుండీలోకి దించాలి.

మట్టి బరువు లెక్కన చూస్తే, హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 22.4 లక్షల కిలోలు ఉంటుందని సాధారణంగా తీసుకుంటారు. ఆ ప్రకారం 100 కిలోల నత్రజని కిలో మట్టికి 45 మిల్లీగ్రాముల చొప్పున వస్తుంది. 10 కిలోలకు 0.45 గ్రాములు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి సుమారు 1 గ్రాము యూరియా. ఇదే కుండీ పైభాగం వైశాల్యం లెక్కన చూస్తే 1.3 గ్రాముల యూరియా అవుతుంది. మొక్కల లెక్కన చూస్తే కథ పూర్తిగా మారిపోతుంది. 60×20 సెంటీమీటర్ల దూరంలో విత్తితే హెక్టారులో 83 వేల పైచిలుకు మొక్కలుంటాయి. ఒక్కో మొక్క వాటాకు 1.2 గ్రాముల నత్రజని, అంటే 2.6 గ్రాముల యూరియా వస్తుంది. కుండీలో రెండు మొక్కలుంటే 5.2 గ్రాములు.

అంటే ఒకే "హెక్టారుకు 100 కిలోలు" కుండీలో 1 గ్రాము నుంచి 5 గ్రాముల దాకా ఏదైనా కావచ్చు. మూడు లెక్కలూ తప్పు కాదు. పొలంలో వేరు 15 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోదు, పక్కకూ లోతుకూ పాకుతుంది. కుండీలో ఆ వీలు లేదు, ఉన్న కొద్ది మట్టిలోనే అంతా దొరకాలి. అందుకే కుండీ ప్రయోగాల్లో మట్టి బరువు లెక్కనే మోతాదు చెబుతూ, పొలం లెక్క కంటే ఎక్కువ స్థాయిలో పెట్టడం వాడుక. ఈ ప్రయోగానికి కిలో మట్టికి 0, 50, 100, 150, 200 మిల్లీగ్రాముల నత్రజని చాలు. కుండీకి 0, 0.5, 1, 1.5, 2 గ్రాముల నత్రజని అన్నమాట. ఒక్కో మోతాదుకు నాలుగు చొప్పున మొత్తం ఇరవై కుండీలు. ఫలితాల్లోనూ "కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములు" అనే రాయాలి, ఎకరాల్లోకి మార్చకూడదు. దీని సంగతి చివర్లో మళ్లీ చూద్దాం.

మోతాదుల మధ్య ఎడం సమానంగా ఉంచడానికి, సున్నాను తప్పనిసరిగా పెట్టడానికి, చివరి మోతాదు అవసరమైనదానికంటే కొంత ఎక్కువే ఉండటానికి కారణం ఒక్కటే. పెరుగుదల ఎక్కడ వంగుతుందో కనిపించాలి. 0, 25, 50 మాత్రమే పెడితే మూడూ ఎక్కే వాలు మీదే ఉంటాయి, "ఎంత వేస్తే అంత మంచిది" అనే తప్పుడు ముగింపుకు వస్తాం.

ఇక మారేది నత్రజని ఒక్కటే కావాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. నత్రజని మోతాదు పెంచడానికి 17-17-17 కాంప్లెక్స్ ఎరువు వాడితే భాస్వరం, పొటాష్ కూడా దాంతోపాటే పెరుగుతాయి. మొక్క దేనికి స్పందించిందో తేల్చలేం. అందరికీ సమానంగా వేసే భాస్వరాన్ని డీఏపీ రూపంలో ఇస్తే, అందులో 18 శాతం నత్రజని ఉంది కాబట్టి "సున్నా" కుండీ ఇక సున్నా కాదు. అందుకే భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, పొటాష్‌కు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తీసుకుని ఇరవై కుండీలకూ ఒకే తూకంలో వేయాలి. కిలో మట్టికి 50 మిల్లీగ్రాముల చొప్పున రెండు పోషకాలూ ఇవ్వాలంటే కుండీకి 3.1 గ్రాముల సూపర్, 0.83 గ్రాముల పొటాష్ పడుతుంది. మట్టిలో జింకు తక్కువని పరీక్షలో తేలితే జింక్ సల్ఫేట్ కూడా అన్నిటికీ సమానంగా ఇవ్వాలి. లేకపోతే 15, 20 రోజులకు కొత్త ఆకుల మొదళ్ల దగ్గర తెల్లటి పట్టీలు వస్తాయి. నత్రజని ఎంత పోసినా మొక్క ఎదగదు.

గ్రాము తూచలేని తక్కెడతో

50 మిల్లీగ్రాముల మోతాదుకు కుండీకి 1.09 గ్రాముల యూరియా కావాలి. ఇంట్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో ఉండే తక్కెడ 1 గ్రాము తేడా మాత్రమే చూపిస్తే, అర గ్రాము అటో ఇటో అయినా తెలియదు. అంటే మోతాదులో సగం దాకా తప్పు. దీనికి మంచి విరుగుడు ద్రావణం. 54 గ్రాముల యూరియా తూచి, నీళ్లలో కరిగించి, మొత్తం రెండున్నర లీటర్లు చేయాలి. అర గ్రాము తప్పు ఇక్కడ ఒక శాతం కూడా కాదు. ఈ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. కాబట్టి ఐదు మోతాదులకు వరుసగా 0, 50, 100, 150, 200 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది.

అయితే అంతా ఒకేసారి పోయకూడదు. యూరియా మట్టిలో కరిగి అమ్మోనియా అవుతుంది. పెద్ద మోతాదు కుండీల్లో మొలకలు అక్కడే చచ్చిపోవచ్చు. సగం విత్తే ముందు మట్టిలో కలిసేలా, మిగతా సగం 20 రోజుల తర్వాత పైపాటుగా ఇవ్వాలి. రెండుసార్లూ ప్రతి కుండీకి మొత్తం 100 మిల్లీలీటర్లు పోయాలి, ద్రావణం తగ్గినచోట మామూలు నీళ్లు కలిపి నింపాలి. సున్నా కుండీకి 100 మిల్లీలీటర్లూ నీళ్లే. ఇలా చేయకపోతే ఎక్కువ మోతాదు కుండీకి నీళ్లు కూడా ఎక్కువ అందుతాయి. పైపాటు ద్రావణాన్ని అప్పటికప్పుడు కలుపుకోవడం మేలు. నిలవ ఉంచితే యూరియా విడిపోయి కొంత నత్రజని ఆవిరవుతుంది.

మట్టి విషయంలో ఓపిక పట్టాలి. 20 కుండీలకు 200 కిలోలు కావాలి, 220 సేకరిస్తే మంచిది. ఒకే చెలకలో, పై 15 సెంటీమీటర్ల నుంచే తీయాలి. పెంటకుప్ప పోసిన చోటు, గట్టు అంచు, చెట్టు కింద వద్దు. నీడలో ఆరబెట్టి, గడ్డలు నలగ్గొట్టి, 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, టార్పాలిన్ మీద కుప్పగా పోసి నాలుగైదుసార్లు తిరగేసి కలపాలి. ప్రతి కుండీకి సరిగ్గా 10 కిలోలు తూచి పోయాలి. కుప్ప మీద నుంచి పారతో ఎత్తుకుంటూ పోతే సన్నటి మన్ను అడుగుకు జారి, చివరి కుండీలకు చేరుతుంది. దీనికి పరిష్కారం కుండీలు నింపే క్రమంలో ఉంది. అది కాసేపట్లో వస్తుంది.

అడుగున రంధ్రం ఉన్న కుండీలైతే నీళ్లతో పాటు నైట్రేటు కూడా కారిపోతుంది. ఎక్కువ వేసిన కుండీ నుంచి ఎక్కువ కారుతుంది కాబట్టి మోతాదుల మధ్య అసలు తేడా తగ్గిపోతుంది. రంధ్రం లేని ప్లాస్టిక్ కుండీలు తీసుకుని తూకంతో నీళ్లు పోయడం మేలు. ముందుగా కొంత మట్టిని పూర్తిగా తడిపి, మూతపెట్టి, రెండు రోజులు నీరు వడిసిపోనిచ్చి, మిగిలిన తేమ ఎంతో తూచి చూడాలి. ఉదాహరణకు 10 కిలోలకు 1.5 లీటర్లు పట్టి ఉంచిందనుకుంటే, అందులో 70 శాతం, అంటే సుమారు 1.05 లీటర్ల తేమ ఉండేలా రోజు విడిచి రోజు కుండీని తూచి, తగ్గినంత నీరు పోయాలి. పెద్ద మొక్క ఎక్కువ నీరు తాగుతుంది, చిన్నది తక్కువ. అన్నిటికీ "రోజుకో మగ్గు" పోస్తే పెద్ద మొక్కలు ఎండుతాయి, చిన్నవి బురదలో నానుతాయి. ఎరువు తేడాలోకి నీటి తేడా దూరుతుంది.

లెక్కకు వచ్చేది కుండీ, మొక్క కాదు

ప్రతి కుండీలో ఐదారు గింజలు వేసి, పదో రోజున ఒకే ఎత్తున్న రెండు మొక్కలు ఉంచి మిగతావి తీసేస్తారు. కుండీకి రెండు, మోతాదుకు నాలుగు కుండీలు, కాబట్టి ఎనిమిది రెప్లికేషన్లు అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంతకంటే తరచుగా కనిపించే తప్పు మరొకటి ఉండదేమో. ఎరువు ఇచ్చింది కుండీకి. ఆ రెండు మొక్కలూ ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే చోటు పంచుకుంటున్నాయి, ఒకదానితో ఒకటి పోటీ కూడా పడుతున్నాయి. ఒక కుండీలో పదిమొక్కలు కొలిచినా ఆ కుండీ గురించే ఎక్కువ తెలుస్తుంది, మోతాదు గురించి కాదు. కాబట్టి రెండు మొక్కల బరువునూ కలిపి కుండీకి ఒకే అంకెగా రాయాలి. ఒకే పెద్ద తొట్టిలో ఒక మోతాదు కలిపి, అందులోంచి నాలుగు కుండీలు నింపడం కూడా ఇలాంటిదే. కలపడంలో వచ్చిన తప్పు నాలుగింటికీ ఒకేలా అంటుకుంటుంది. అందుకే ఎరువు ఏ కుండీకి ఆ కుండీకి విడిగా కొలిచి వేయాలి.

నాలుగు రెప్లికేషన్లు చాలా? మన వ్యవసాయ కాలేజీల్లో చెప్పే మోటు సూత్రం ఒకటి ఉంది. ఎర్రర్‌కు, అంటే కుండీల మామూలు హెచ్చుతగ్గులకు, కనీసం 12 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉండాలి, అంటే వాటిని అంచనా వేయడానికి అన్ని స్వతంత్ర అంకెలు మిగలాలి. ఐదు మోతాదులు, మూడు రెప్లికేషన్లతో బ్లాకులు, అంటే ప్రతి మోతాదూ ఒక్కోసారి వచ్చే కుండీల గుంపులు పెడితే, రెండింటిలోనూ ఒకటి తగ్గించి గుణించగా 4×2, అంటే ఎనిమిదే వస్తాయి. నాలుగు పెడితే 4×3, సరిగ్గా 12. కానీ ఈ సూత్రం కంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, ఎంత చిన్న తేడాను పట్టుకోవాలని ఉంది అన్నది. ఒకే మోతాదు కుండీల మధ్య హెచ్చుతగ్గులు సగటులో 10 శాతం ఉన్నాయనుకుందాం. నాలుగు రెప్లికేషన్లతో రెండు మోతాదుల మధ్య దాదాపు 15 శాతం తేడా వస్తే తప్ప అది నిజమని చెప్పలేం. ఎనిమిది పెడితే ఆ హద్దు 10 శాతానికి దిగుతుంది. కుండీలు రెట్టింపు చేసినా హద్దు సగం కాదు. 5 శాతం తేడా పట్టుకోవాలంటే కుండీల సంఖ్య చేతులెత్తేసేంత పెరుగుతుంది. దాని బదులు మట్టి బాగా కలపడం, నీళ్లు తూచి పోయడం మీద శ్రమ పెడితే హెచ్చుతగ్గులే తగ్గుతాయి. నా దృష్టిలో ఎనిమిది కుండీలను గాలికి వదిలేయడం కంటే నాలుగింటిని జాగ్రత్తగా చూడడమే మెరుగు.

చీటీలు, బ్లాకులు

కుండీలు డాబా మీద పెడతారనుకుందాం. పడమర వైపు పిట్టగోడ ఉంది. సాయంత్రం ఎండను అది ఆపుతుంది, పైగా వేడిని పట్టి ఉంచుతుంది. గోడకు దగ్గరి వరుసకూ దూరపు వరుసకూ వాతావరణమే వేరు. ఇలా ఒక దిశలో మార్పు ఉందని ముందే తెలిసినప్పుడు గోడకు సమాంతరంగా నాలుగు వరుసలు పెట్టి, ఒక్కో వరుసను ఒక బ్లాకు చేయాలి. ప్రతి బ్లాకులో ఐదు మోతాదులూ ఒక్కొక్కసారి వస్తాయి. దీన్నే ఆర్‌బీడీ అంటారు. గోడ నుంచి బయటికి నిలువుగా బ్లాకులు గీస్తే ప్రతి బ్లాకులోనూ నీడా ఎండా రెండూ ఉంటాయి, బ్లాకు పెట్టిన ప్రయోజనమే పోతుంది. నాలుగు వైపులా ఒకేలా ఉండే గ్రోత్ ఛాంబర్ లాంటి చోట బ్లాకులు అక్కర్లేదు, ఇరవై కుండీలనూ కలిపి ఒకేసారి చీటీలు తీస్తే చాలు. దాన్ని సీఆర్‌డీ అంటారు. డాబా మీదా షేడ్‌నెట్ కిందా మాత్రం ఆర్‌బీడీయే క్షేమం.

బ్లాకు లోపల ఏ కుండీకి ఏ మోతాదో చీటీలే నిర్ణయించాలి. వెతుక్కోవడానికి సులువని ప్రతి వరుసలోనూ 0, 50, 100, 150, 200 అని వరుసగా పెట్టేవాళ్లుంటారు. అప్పుడు సున్నా ఎప్పుడూ ఒక కొసన, 200 ఎప్పుడూ మరో కొసన ఉంటాయి. మెట్ల వైపు నుంచి గాలి కొట్టినా, నీళ్ల ట్యాంకు నీడ పడినా ఆ ప్రభావం అంతా ఒకే మోతాదు ఖాతాలో పడుతుంది. ఎన్ని రెప్లికేషన్లు పెట్టినా ఇది పోదు. "కంటికి కలగాపులగంగా" పేర్చడం కూడా రాండమైజేషన్ కాదు. మనిషి చేయి తెలియకుండానే మంచి మొలకలను ఇష్టమైన మోతాదు వైపు తోస్తుంది.

ఐదు చీటీలు డబ్బాలో వేసి కుదిపి ఒక్కో బ్లాకుకు విడిగా తీయొచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో మోతాదుల పక్కన `=RAND()` పెట్టి ఆ అంకెల ప్రకారం వరుస మార్చొచ్చు. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంతే:

```
set.seed(2718)
dose <- c(0, 50, 100, 150, 200)
for (b in 1:4) cat("Block", b, ":", sample(dose), "\n")
```

మొదటి లైను ఉంటే అదే సాఫ్ట్‌వేర్‌లో తర్వాత ఎప్పుడు నడిపినా అదే వరుస వస్తుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. చీటీల్లో ఒక బ్లాకుకు 0 నుంచి 200 దాకా వరుసగానే వస్తే? అలా రావడానికి 120లో ఒక వంతు అవకాశం ఉంది, వస్తే అలాగే ఉంచాలి. నచ్చేదాకా మళ్లీ మళ్లీ తీస్తూ పోతే అది చీటీ అనిపించుకోదు.

బ్లాకు అంటే చోటు ఒక్కటే కాదు. ఇందాక వదిలేసిన మట్టి కుప్ప సంగతి ఇక్కడ తేలుతుంది. కుండీలను బ్లాకు తర్వాత బ్లాకుగా నింపాలి. చివర్లో సన్నటి మన్ను వచ్చినా అది నాలుగో బ్లాకులోని ఐదు మోతాదులకూ వస్తుంది. విత్తడం, పలచన చేయడం, కోయడం కూడా ఇలాగే. రెండు బ్లాకులు కోసేసరికి వాన వచ్చి మిగతావి మర్నాటికి వాయిదా పడితే ఆ ఒక్క రోజు పెరుగుదల బ్లాకు తేడాలో కలిసిపోతుంది. అదే ముందు సున్నా కుండీలన్నీ, ఆఖర్న 200 కుండీలన్నీ కోసి ఉంటే వాన దెబ్బ నేరుగా ఫలితానికి తగిలేది. ఇద్దరు మనుషులు కొలతలు తీస్తుంటే చెరో రెండు బ్లాకులు పంచుకోవాలి. కుండీల మీద మోతాదు రాయకుండా 1 నుంచి 20 దాకా అంకెలే రాసి, ఏ అంకెకు ఏ మోతాదో వేరే కాగితంలో ఉంచుకుంటే కొలిచేవారి ఆశ కొలతలోకి రాదు.

వారానికోసారి కుండీలు అటూ ఇటూ మారుస్తున్నాం కాబట్టి చీటీలు అక్కర్లేదు అనే మాట కూడా వినిపిస్తుంది. మార్చడం వల్ల చోటు తేడా కొంత సర్దుకుంటుంది, కానీ మొలక బలం, మట్టి తేడా కుండీతోపాటే కదులుతాయి. మార్చాలనుకుంటే బ్లాకు లోపలే మార్చాలి.

అంకెలు ఏం చెబుతాయి

45వ రోజున మొక్కను మట్టి మట్టానికి కోసి, కాగితం సంచిలో పెట్టి, 65–70 డిగ్రీల ఓవెన్‌లో రెండు తూకాలు ఒకేలా వచ్చేదాకా ఆరబెట్టి తూచుతారు. కింది అంకెలు లెక్క చూపించడానికి తీసుకున్నవే, ఎక్కడా జరిగిన ప్రయోగానివి కావు. కుండీకి ఎండు బరువు గ్రాముల్లో ఉంది.

| మోతాదు (కిలో మట్టికి మి.గ్రా.) | బ్లాకు 1 | బ్లాకు 2 | బ్లాకు 3 | బ్లాకు 4 | సగటు |
|---|---|---|---|---|---|
| 0 | 13 | 14 | 10 | 11 | 12 |
| 50 | 24 | 19 | 20 | 17 | 20 |
| 100 | 28 | 29 | 23 | 28 | 27 |
| 150 | 34 | 30 | 31 | 25 | 30 |
| 200 | 30 | 32 | 25 | 29 | 29 |

మొత్తం సగటు 23.6 గ్రాములు. కుండీల మధ్య ఉన్న మొత్తం తేడాను వర్గాల మొత్తంగా, అంటే సగటు నుంచి ఒక్కో కుండీ దూరాన్ని వర్గం చేసి కూడి చూస్తే 1042.8 వస్తుంది. అందులో మోతాదుల వాటా 916.8, బ్లాకుల వాటా 60.4, మిగిలిన 65.6 ఎర్రర్. దాన్ని 12తో భాగిస్తే 5.47. ఇదే కుండీల మామూలు హెచ్చుతగ్గులకు కొలత. దీని వర్గమూలం 2.34 గ్రాములు, సగటులో దాదాపు 10 శాతం. కుండీ ప్రయోగానికి ఇది ఫర్వాలేదు. 20 శాతం దాటితే మాత్రం నీళ్లలోనో మొలకల్లోనో ఏదో తేడా కొట్టిందని అనుమానించాలి.

ఈ 5.47 నుంచి సీడీ, అంటే రెండు సగటుల మధ్య కనీసం ఉండాల్సిన తేడా, 3.6 గ్రాములు వస్తుంది. 50కి, 100కి మధ్య 7 గ్రాములుంది కాబట్టి అది నిలబడుతుంది. 100కి, 150కి మధ్య 3 గ్రాములే. అది ఎరువు వల్ల వచ్చిందో, కుండీల మధ్య మామూలుగా ఉండే తేడాయో ఈ ప్రయోగం చెప్పలేదు. రెండూ సమానమని తేలిందని అనుకోకూడదు, తేల్చేంత బలం ఈ ఇరవై కుండీలకు లేదని మాత్రమే అర్థం. బ్లాకులు లేకుండా ఇవే అంకెలు వచ్చి ఉంటే గోడ తేడా కూడా ఎర్రర్‌లోనే కలిసి, సీడీ 4.4కి పెరిగేది.

150 మోతాదులో నాలుగో బ్లాకు కుండీ 25 దగ్గరే ఆగింది. మిగతా మూడూ 30 లేదా అంతకంటే పైన ఉన్నాయి. "ఇదేదో తేడాగా ఉంది" అని తీసేస్తే సగటు 31.7కి ఎగిరి, 100తో తేడా 4.7 గ్రాములై సీడీ దాటినట్టు కనిపిస్తుంది. ఒక్క కుండీ తీసేయడంతో ముగింపే తిరగబడింది. ఉడత తవ్వేసిందని, కాండం తొలుచు పురుగు మొవ్వు తినేసిందని ఆ రోజే నోట్‌బుక్‌లో రాసి ఉంటే తీసేసి, మిగిలిన 19 కుండీలతో విశ్లేషించవచ్చు. తూకం చూశాక కారణం వెతకడం మాత్రం పనికిరాదు.

నిజానికి మోతాదులను జతలు జతలుగా పోల్చడం కంటే వాటి మీదుగా ఒక వక్రరేఖ గీయడం ఎక్కువ చెబుతుంది. 0, 50, 100 అనేవి వేర్వేరు రకాల పేర్లు కాదు, ఒకే మెట్ల వరుస. ఈ సగటులకు వర్గ సమీకరణం వేస్తే ఇలా వస్తుంది:

`y = 11.66 + 0.2137 D − 0.000629 D²`

D అంటే మోతాదు, y అంటే ఎండు బరువు. ఈ గీత 170 మిల్లీగ్రాముల దగ్గర శిఖరం చేరి 29.8 గ్రాములు చూపిస్తుంది. 150 దగ్గర 29.6. అంటే చివరి 20 మిల్లీగ్రాములకు సుమారు పావు గ్రామే పెరుగుతోంది. గీత పైభాగం చదునుగా ఉంది కాబట్టి "సరైన మోతాదు 170" అని ఒకే అంకె పట్టుకోవడం అతి. 140 నుంచి 200 దాకా ఎక్కడైనా శిఖరం ఉండొచ్చు అనుకోవడమే నిజాయితీ.

అంకెలు రాకముందే మొక్కలు కొన్ని సంగతులు చెబుతాయి. మూడు నాలుగు వారాలకు సున్నా కుండీల్లో కింది ఆకులు కొన నుంచి ఈనె వెంబడి లోపలికి వీ ఆకారంలో పసుపు తిరగాలి. అలా కాకుండా అవి కూడా 150 కుండీల్లా పచ్చగా ఉంటే, మట్టిలోనే నత్రజని దండిగా ఉందని అర్థం. పెంట వేసిన మట్టి దొరికి ఉండొచ్చు. ఎండిన మట్టిని తడపగానే అందులోని సేంద్రియ పదార్థం ఒక్కసారిగా కుళ్లి కొంత నత్రజని విడుదల చేస్తుంది, మొదటి రెండు వారాల పచ్చదనం దాని వల్ల కూడా కావచ్చు. ఆకుల అంచులు అన్ని కుండీల్లోనూ ఊదా రంగుకు తిరిగితే అది మోతాదుల సంగతి కాదు, అందరికీ సమానంగా వేసిన భాస్వరం చాలలేదు.

ఇక ఈ 170ని పొలానికి తీసుకెళ్లడం సంగతి. మట్టి బరువు లెక్కన మారిస్తే హెక్టారుకు 381 కిలోల నత్రజని అవుతుంది. కుండీ వైశాల్యం లెక్కన 276 కిలోలు. కుండీలో రెండు మొక్కలున్నాయి కాబట్టి మొక్కకు 0.85 గ్రాములు పడింది, ఆ లెక్కన 71 కిలోలే. ఒకే ఫలితం నుంచి ఐదు రెట్ల తేడాతో మూడు సిఫార్సులు వస్తున్నాయి. ఈ కుండీలో నత్రజని కారిపోలేదు, కింది పొరల నుంచి అందలేదు, నీటి ఎద్దడి రాలేదు, పంట గింజ దాకా వెళ్లలేదు. ఈ మట్టి నత్రజనికి గట్టిగా స్పందిస్తుందని, ఆ స్పందన ఒక చోట వంగుతుందని ఇరవై కుండీలు చెప్పాయి. ఎకరాకు ఎన్ని బస్తాలన్నది అదే చెలకలో, కనీసం రెండు మూడు సీజన్లు, మళ్లీ బ్లాకులతో చీటీలతో వేసిన మడుల నుంచే రావాలి.